ముత్యాల మీద తిరగబడిన అక్షరం

ఆ పార్శిల్ విప్పినప్పుడు మా వదిన గాజుల వైపు చూడనే లేదు. డబ్బాలో పైన పెట్టిన చిన్న కార్డు తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఏటే ఇది? శుభలేఖలాగుంది?" అంది.

రెండువేల దశకం చివరి రోజులవి. నేను అప్పట్లో అనకాపల్లిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్న ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. మధ్యాహ్నం ఖాళీ. మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, ఇంట్లో ముత్యాలూ పూసలూ గుచ్చి దండలు, మెడకి పట్టి ఉండే పట్టెడలు, చెవి నుంచి జుట్టులోకి తగిలించుకునే మాటీలు చేసేది. నిజమైన ముత్యాలు కావు, గాజుపూసల మీద ముత్యం రంగు పూత పూసినవి. ఊళ్లో ఫ్యాన్సీ షాపులకి ఇచ్చేది. వాటిని ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడదామన్నది నేనే. అప్పటికి మన దేశంలో అలా ఎవరి వస్తువులు వాళ్లు ఫొటో తీసి పెట్టుకుని అమ్ముకునే సైట్ ఒకటి బాగానే నడుస్తోంది. స్నేహితురాలి డిజిటల్ కెమెరా అడిగి తెచ్చి, డాబా మీద తెల్ల పంచె పరిచి ఫొటోలు తీశాం. ఆర్డర్లు ఒకటీ అరా రావడం మొదలైంది. పుణె, నాగపూర్, గౌహతి. ఊరి పేరు చదివినప్పుడల్లా వదిన మా అన్నయ్య పాత స్కూలు అట్లాసు తీసి, ఆ ఊరెక్కడుందో వేలు పెట్టి వెతికేది.

మిగతా అమ్మకందార్లు ఎలా ప్యాక్ చేస్తున్నారో చూద్దామని మేమూ ఒక జత గాజులు తెప్పించుకున్నాం. అందులో వచ్చిందే ఆ కార్డు. విజిటింగ్ కార్డంత ఉంది. ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది.

"మా దగ్గర కొన్నందుకు థాంక్స్ అని రాసేరు వదినా. నచ్చితే మంచి ఫీడ్‌బ్యాక్ రాయమని అడుగుతున్నారు."

"రాత్తే ఎవరు సదువుతారు?"

ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించాను. ఆ సైట్‌లో ప్రతి అమ్మకందారు పేరు పక్కనా, కొన్నవాళ్లు రాసిన మాటలు ఉంటాయి. బాగుందనో, ఫరవాలేదనో, బాగోలేదనో మూడింట్లో ఒకటి ఎంచుకుని, కింద ఒక వాక్యం రాయొచ్చు. కొత్తగా కొనేవాళ్లు ముందు అవే చదువుతారు. మా పేరు పక్కన అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. కొన్నవాళ్లలో చాలామంది ఏమీ రాయలేదు.

వదిన ఆ ఖాళీ జాగా వంకే చూస్తూ కూర్చుంది.

"షాపుకిచ్చినప్పుడు నాను ఎల్లి సూత్తాను కదా. ఎవులు ముట్టుకున్నారు, ఎవులు మెడకెట్టుకుని అద్దంలో సూసుకున్నారు, అన్నీ తెలుత్తాయి. ఇవి ఎల్లిపోయేక ఏటైపోతన్నాయో ఒక్క ముక్కా తెలీదు. ఎట్టుకుంతన్నారా? పెట్టిలో పడేసేరా? తెగిపోయేయా?" అని, "మనమూ ఒక కార్డు ఎట్టీద్దాం," అంది.

ప్రెస్సు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే సందులో ఉండేది. దాని యజమాని యాభై దాటిన మనిషి. ఆయన్ని మేం బాబాయ్ అనేవాళ్లం. బెల్లం కొట్ల బిల్లు పుస్తకాలు, పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు ఆయనే వేసేవాడు. గుమ్మంలో అడుగుపెడితేనే సిరా, కిరసనాయిలు కలిసిన వాసన కొట్టేది. మేం వెళ్లేసరికి ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని ఒక పెళ్లికార్డు ప్రూఫు దిద్దుతున్నాడు.

సంగతి చెప్పాం. బాబాయ్‌కి చాలా సరదా పుట్టింది.

"అంటే ఎవులో మనకి తెలీనోలకి మనం కబురెడతన్నామన్నమాట. బాగుందమ్మా. ఐతే ఒక పని సెయ్యండి. మంచిగా రాత్తే ఒక ఉంగరం ఉత్తినే ఇత్తామని ఎయ్యండి. ఎవులు రాయరో సూద్దాం."

వదినకి ఆ మాట నచ్చింది. ఉంగరాలు చెయ్యడం ఆమెకి చిటికెలో పని. నేను మాత్రం ఆ సైట్ వాళ్ల నియమాలు చదివి ఉన్నాను. మంచి మాటకి బదులుగా ఏదైనా ఇస్తామనడం కుదరదని అందులో ఉంది. అదే చెప్పాను.

"వాలకి తెలుత్తాదేటి?" అన్నాడు బాబాయ్.

"తెలిసినా తెలియకపోయినా ఆ మాట నమ్మేదెవరు బాబాయ్? ఉంగరం కోసం బాగుందని రాస్తారు. అది చదివి ఇంకొకరు కొంటారు."

వదిన నా మాటే అందుకుంది. "ఉంగరం ఇచ్చి రాయించుకుంటే, దండ ఎలాగుందో నాకు తెల్దు. ఉంగరం బాగుందని తెలుత్తాది, అంతే," అంది. తర్వాత తనే, "ఉంగరం కావాలంటే అందరికీ ఎట్టీద్దాం. రాసినా రాయకపోయినా. కార్డులో దాని ఊసొద్దు," అంది.

అక్కడే బల్ల మీద చిత్తుకాగితాలు పెట్టుకుని మాటలు కూర్చాం. ఇంగ్లీషులో రాసేది నేను, ప్రతి మాటా తెలుగులో చెప్పించుకునేది వదిన. నేను మొదట రాసింది: 'మా దగ్గర కొన్నందుకు కృతజ్ఞతలు. మీకు నచ్చితే దయచేసి ఫీడ్‌బ్యాక్ రాయండి. నచ్చకపోతే రాసేముందు మాకు చెప్పండి.' గాజుల డబ్బాలో వచ్చిన కార్డులో అలాగే ఉంది మరి.

"నచ్చినోలు రాయాల, నచ్చనోలు నోరు మూసుకోవాల. అంతే కదా దీనర్థం?" అంది వదిన.

"అలా ఎందుకనుకుంటారు? సరిచేస్తాం కదా అని..."

"సరిసేత్తామని సెప్పు. రాయొద్దని సెప్పకు."

నేను వాదించాను. ఒక చెడ్డ మాట పడితే కొత్తగా మొదలెట్టినవాళ్లం లేవలేమని భయపెట్టాను. ఆ భయం నాకు నిజంగానే ఉంది. బాబాయ్ కూడా నా వైపే మొగ్గాడు. "పిలిసి మరీ తిట్టించుకోవడం ఎందుకమ్మా?" అన్నాడు. వదిన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"తిట్టేవోలు కార్డు లేకపోయినా తిడతారు. ఊరుకునేవోల సంగతే నాకు తెలాలి," అంది.

చివరికి కుదిరిన మాటలు ఇవి: 'మేం చేతులతో చేసిన ఈ వస్తువు మీదాకా వచ్చింది. కొన్నందుకు కృతజ్ఞతలు. ఇది ఎలా ఉందో, నచ్చినా నచ్చకపోయినా, ఉన్నదున్నట్టు సైట్‌లో రాయండి. మీ తర్వాత కొనేవాళ్లకి, చేసేవాళ్లకి అది పనికొస్తుంది. ఏదైనా తేడా ఉంటే మాకు చెప్పండి, సరిచేస్తాం.' పైన పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో థాంక్యూ. నిగనిగలాడే ఆర్ట్ కార్డు మీద ముదురు మెరూన్ రంగు. ఆ రంగు బాబాయ్ ఎంచిందే, పెళ్లికార్డుల కోసం కలిపిన సిరా ఉందన్నాడు.

వానాకాలం. కార్డులు చేతికొచ్చిన రోజే నాలుగు చినుకులు పడుతున్నాయి. నేను కాగితం సంచీలో పెట్టుకుని, సంచీని చున్నీ కింద దాచుకుని ఇంటికి తెచ్చాను. అప్పటికే కట్టి ఉంచిన పార్శిళ్లు విప్పి, ఒక్కోదాంట్లో ఒక కార్డు పెట్టి మళ్లీ అంటించాం. కార్డు ఎక్కడ పెట్టాలన్న దాని మీద కూడా చర్చ జరిగింది. మూత తియ్యగానే కనపడాలంటే పైన పెట్టాలి. కానీ డబ్బాలో ఉంగరం పొట్లం కూడా చేరాక మూత సరిగ్గా పడటం లేదు. వదిన కార్డుని నగకి ఆనించి నొక్కి, బోర్లా, అక్షరాలు నగ వైపు ఉండేలా పెట్టింది.

"తలకిందులుగా పెట్టేవేటి?"

"మూత తీసేక తెల్లగా కనపడతాది. ఏటా అని తిప్పుతారు. తిప్పినోలు సదువుతారు," అంది. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, ఒప్పుకున్నాను కూడా.

కార్డు ఫలితం త్వరగానే కనిపించింది. ఇదివరకు మౌనంగా ఉండే చోట మాటలు పడసాగాయి. ఇన్‌స్టిట్యూట్‌లో మధ్యాహ్నం బ్యాచ్‌లు లేనప్పుడు వదిన వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేది. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెప్పేదాన్ని. మాటీలు కొంచెం పొడుగైపోయాయని ఒకావిడ రాసింది. జుట్టు దువ్వుకునే పద్ధతి అక్కడ వేరేమోనని వదిన అనుమానపడి, ఆవిడ తల ఎలా దువ్వుకుంటుందో అడగమంది. అడిగాను. ఆవిడ జుట్టు కత్తిరించుకుందట, కొక్కెం తగిలించడానికి జడ లేదట. "ఓలమ్మ, అదా సంగతి!" అని వదిన ఆ రోజంతా అదే చెప్పుకుంది. అప్పట్నుంచి మాటీలకి రెండు చోట్ల కొక్కెం పడేలా అదనపు కన్నాలు పెట్టింది.

తర్వాత ఒకరోజు నాగపూర్ నుంచి వచ్చింది ఆ మాట. ఫరవాలేదు అన్న గుర్తు పెట్టి, కింద ఒకావిడ ఇలా రాసింది: 'అయిదు పేటల పట్టెడ పని చాలా బాగుంది. టైముకి వచ్చింది. కానీ తెల్ల ముత్యాల మీద ఎర్రటి మచ్చలున్నాయి. తుడిస్తే పోలేదు. నేను మామూలుగా ఇలాంటివి రాయను. ఉన్నదున్నట్టు రాయమని మీ కార్డులో ఉంది కనుక రాశాను.'

మంచి మాటల వరసలో అది ఒక్కటే వేరే రంగు గుర్తుతో కనిపిస్తోంది. వదినకి చదివి చెప్పడానికి ముందు కొంచెం ఆగాను. విన్నాక ఆమె ముఖం ముడుచుకుంటుందనుకున్నాను. ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"గోరింటాకు!" అంది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఇంకా వేళ్ల చివర ఉంది. "నా సేతిదే అంటుంటాది. ఎంత పని సేసేను."

పాపం, ఆ రోజు ఇంటికెళ్లి ఒక గుప్పెడు ముత్యాలు గోరింటాకు వేళ్లతో రుద్ది రుద్ది చూసింది. చెమట పట్టించుకుని రుద్దింది. తడి చేసుకుని రుద్దింది. ఒక్క మచ్చా పడలేదు. పండిపోయిన గోరింటాకు అంటుతుందేమిటి? ఆ తర్వాత ఆమె అనుమానం దేవుడి గూట్లో కుంకుమ భరిణె మీదకి పోయింది, అక్కణ్ణుంచి పట్టెడలు కట్టిన ఎర్ర దారపుండ మీదకి పోయింది. దారం నానబెట్టి రంగు దిగుతుందేమో చూసింది. నేను నాగపూర్ ఆవిడకి క్షమించమని రాసి, ఇంకో పట్టెడ పంపుతున్నామని చెప్పి, మచ్చలున్నదాన్ని ఫొటో తీసి పంపగలరా అని అడిగాను. రాసిన మాట మార్చమని మాత్రం అడగలేదు. రాయబోయాను నిజానికి. వదిన స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇప్పుడేటి రాత్తన్నావు?" అని అడిగితే చెప్పాను. "మచ్చ ఉంటే ఉందని రాసింది. మనం మార్చిచ్చినా, అప్పుడు మచ్చ ఉన్నాదన్నది అబద్దం అయిపోదు కదా," అంది. చెరిపేశాను.

ఆవిడ ఫొటో పంపింది. పట్టెడను నల్ల బల్ల మీద చాపి, పై నుంచి తీసింది. మధ్య మధ్య అడ్డకడ్డీలు ఉండటం వల్ల అయిదు పేటలూ కదలకుండా వరసగా ఉన్నాయి. ఆ ముత్యాల నెత్తిన చిన్న చిన్న ఎర్ర చుక్కలు. అన్నింటి మీదా లేవు. ఒక పక్కన కొన్నింటి మీదే ఉన్నాయి.

వదిన చాలాసేపు స్క్రీన్‌కి ముఖం ఆనించినట్టు కూర్చుని చూసింది. తర్వాత నా పెన్ను లాక్కుని, పక్కనున్న కాగితం మీద చుక్కలు పెట్టడం మొదలెట్టింది. ఫొటోలో ఏ ముత్యం మీద చుక్క ఉందో అదే వరసలో. పొద్దున్న లేస్తే గుమ్మం ముందు చుక్కలు పెట్టే చెయ్యి అది. పెట్టాక కలిపింది. ఒక నిలువు గీత వచ్చింది. దాని మధ్యలోంచి రెండు వాలు గీతలు, ఒకటి పైకి, ఒకటి కిందకి, ఎడమవైపుకి పోయాయి.

"ఇదేటి అచ్చరం?" అంది.

"అక్షరం కాదులే వదినా. ఏదో..." అని ఆగిపోయాను. కాగితం తీసి వెనక నుంచి వెలుతురుకి పెట్టి చూశాను. ఇంగ్లీషు 'కె' అక్షరం. థాంక్‌లోని 'కె'. మేం పెద్ద అక్షరాలతో వేయించిన థాంక్యూలోని ముక్క, ముత్యాల మీద తిరగబడి అచ్చుపడింది.

అదే వదినకి చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని, "కార్డే!" అంది. "ఎలాగున్నాదో సెప్పండి అని అడిగిన కార్డే మచ్చ ఎట్టింది!"

ఆ సాయంత్రం బ్యాచ్ అవగానే ప్రెస్సుకి పోయాం. బాబాయ్ ముందు ఒప్పుకోలేదు. "నా సిరా అంటుకోవడమా? ఇరవై ఏళ్ల కిందటేసిన పెళ్లికార్డు తెచ్చి సూడండి, సెయ్యికి అంటుతాదేమో," అన్నాడు. వదిన ఆయన బల్ల మీదున్న మా పాత కార్డుల్లో ఒకటి తీసి, తను తెచ్చుకున్న ముత్యాల మీద పెట్టి నొక్కింది. ఏమీ పడలేదు. బాబాయ్ గెలిచినట్టు ముఖం పెట్టాడు. కానీ ఆ కాసేపటికే ఆయనకే ఏదో తట్టింది.

"మీరు కార్డులు ఎప్పుడట్టుకెల్లేరు? వాన పడతన్న రోజు కదూ?" అన్నాడు. "సూడమ్మా, ఈ నున్నటి కార్డు సిరాని పీల్చుకోదు. మామూలు కాయితమైతే కొంత పీల్చీసుకుంటాది. ఈ కార్డు మీద సిరా పైనుండే గాలికి ఆరాల. ముదురు రంగు, లావు అచ్చరాలు. అందులో వాన గాలి. పైకి ఆరినట్టే ఉంటాది."

"అయితే ఇప్పుడేసిన కొత్త కార్డుతో సూద్దాం," అంది వదిన.

బాబాయ్‌కి కూడా ఇప్పుడు పట్టుదల పుట్టింది. మర్నాడు ఆ మెరూన్ సిరా మిషన్ మీద ఉన్నప్పుడు మా కార్డు కొన్ని వేసి పంపాడు. మా డాబా మీద వదిన మూడు డబ్బాలు సర్దింది. ఒకదాంట్లో కొత్త కార్డు అక్షరాలు ముత్యాల వైపు ఉండేలా, ఇంకోదాంట్లో అదే కార్డు వెల్లకిలా, మూడోదాంట్లో పాత కార్డు బోర్లా. పార్శిళ్లు ఒకదాని మీద ఒకటి పడి నలుగుతాయి కనుక ఒక్కో డబ్బా మీద ఇటుక పెట్టింది. పార్శిళ్లు మోసే వ్యాన్ ఎండలో ఎంత వేడెక్కుతుందో తెలియదు కనుక వాన తెరిపిచ్చిన రోజు చూసి, ఎండ పొడ పడే చోట పెట్టింది. కిందనుంచి అన్నయ్య, "ఇటుకలెందుకు డాబా మీదకి మోత్తన్నారు, గది కడతారేటి?" అని అరిచాడు.

విప్పే రోజు బాబాయ్ ప్రెస్సుకి తాళం వేసుకుని వచ్చాడు. మొదటి డబ్బా మూత తీసి కార్డు ఎత్తగానే ముత్యాల నెత్తిన ఎర్ర చుక్కలు. వెల్లకిలా పెట్టినదాంట్లో ఏమీ లేదు. పాత కార్డు ఉన్నదాంట్లో వెలుతురుకి పెట్టి వెతికితే ఒకచోట గులాబీ రంగు నీడ, అంతే. బాబాయ్ ఒక ముత్యం తీసి గోటితో గీకి చూశాడు. పైపూత కొంచెం మెత్తబడి గోటికి వచ్చింది.

"వేడికి ఈ పూత మెత్తబడతన్నాది. మెత్తబడ్డదాని మీద పచ్చి సిరా కూకుంటే ఇంకేటి వదుల్తాది? నా సిరా తప్పు సగం, మీ ముత్యం తప్పు సగం," అన్నాడు.

"సగం సగం పంచుకుందాం బాబాయ్," అంది వదిన. ఆమెకి కోపం లేదు. ఏదో పొడుపుకథ విప్పినంత సంతోషంగా ఉంది.

సంతోషం నాకూ ఉంది గాని ఒక ఆలోచన తొలిచేస్తోంది. ఆ వానరోజున తెచ్చిన పచ్చి కార్డులు నాగపూర్ ఒక్కదానికే వెళ్లలేదు. అదే వారంలో కట్టిన పార్శిళ్లు ఇంకొన్ని వేరే ఊళ్లకి వెళ్లాయి. వాళ్లెవరూ ఏమీ అనలేదు. కొందరు చాలా బాగుందని కూడా రాశారు. వాళ్లలో తెల్ల ముత్యాలు కొన్నవాళ్లు ఎవరో ఆర్డర్లు చూసి పట్టుకున్నాను. అడగాలా వద్దా అన్నదే తేలలేదు.

"బాగుందన్నోలని కదిపి, మచ్చలున్నాయా అని అడుగుతామా?" అన్నాను.

"అడుగు. నాకు తెలాలి," అంది వదిన.

రాశాను. కార్డు నుంచి రంగు అంటి ఉండొచ్చని, మీ ముత్యాల మీద ఎర్ర చుక్కలేమైనా ఉంటే చెప్పమని, ఉంటే మార్చి ఇస్తామని రాశాను. పుణె నుంచి ఒకావిడ, చుక్కలున్నాయని, అయినా చవగ్గా వచ్చింది కదా అని ఊరుకున్నానని జవాబిచ్చింది. ఇంకొకావిడ, మచ్చ పడ్డ వైపు మెడ వెనక్కి తిప్పి పెట్టుకుంటోందట. గౌహతి నుంచి వచ్చిన జవాబు మాత్రం వదినకి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. 'అవి మచ్చలా? మీ ప్రాంతంలో ముత్యాల మీద కుంకుమ చుక్కలు పెట్టి అమ్మే ఆచారం ఉందనుకున్నాను. అందుకే పండక్కి మా పెద్దమ్మాయికి అదే పెట్టాను. ఎక్కడ కొన్నారని అందరూ అడిగారు. దయచేసి మార్చకండి.'

వదిన పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఈవిడ బాగుందని రాసింది నిజమే కదా, ఆవిడకి బాగున్నాది మరి," అంది. మెడ వెనక్కి తిప్పి పెట్టుకునే ఆవిడ సంగతే ఆలోచిస్తున్నానని దారిలో చెప్పింది. "అలాగ ఎట్టుకుంటే కొక్కెం ముందుకొచ్చెత్తాది. ఎంత సిన్నతనంగా ఉంటాదో," అంది. ఆ పట్టెడకి మారుగా పంపినదాన్ని తనే పట్టుబట్టి రెండు వైపులా ఒకేలా కనపడేలా కట్టింది.

నాగపూర్ ఆవిడ మాట కింద జవాబు రాసే వీలు ఆ సైట్‌లో ఉంది. అక్కడ జరిగింది జరిగినట్టు రాశాను. మచ్చ మా కార్డు సిరాదని, ఇప్పుడు కార్డు మార్చామని రాశాను. కొత్త పట్టెడ అందాక ఆవిడ మాకు విడిగా ఒక ముక్క రాసింది. సైట్‌లో రాసింది అలాగే ఉంది. ఆ గుర్తు మా పేరు పక్కన అలాగే ఉండిపోయింది. నేను అంత భయపడ్డాను గాని, ఆ తర్వాత కొన్నవాళ్లెవరికీ అది పట్టినట్టు లేదు. కనీసం నాకు తెలిసినంతలో లేదు. దాన్ని చూసి కొనకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో తెలిసే దారి లేదు కదా.

కార్డు రెండోసారి వేసినప్పుడు బాబాయ్ నున్నటిది వద్దన్నాడు. గరుకుగా ఉండే ఐవరీ బోర్డు, సన్నటి అక్షరాలు, లేత గోధుమ రంగు. కొన్నాళ్లు వాటిని ఆరబెట్టాడు. మేం అడిగితే, "మీకు కాదు, నాకే నమ్మకం కుదరాల," అన్నాడు. నగని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూసి, కార్డు కవరు బయట పెట్టడం నేర్చుకున్నాం. మాటలు మాత్రం ఒక్కటీ మార్చలేదు. బాబాయ్ కార్డు వెనక్కి తిప్పి, "ఇక్కడ ఖాళీ ఉన్నాది, ఏదైనా బొమ్మేత్తాను," అన్నాడు. ఏనుగు వెయ్యబోయాడు. వదిన వద్దంది. తిప్పి చూసేవాళ్లకి తెల్లగానే ఉండాలని ఆమె పట్టు.

నాకు పెళ్లై వేరే ఊరు వెళ్లేదాకా ఆ అమ్మకం సాగింది. తర్వాత అన్నయ్యకి కంప్యూటర్ నేర్పి వెళ్లాను. కొన్నేళ్లకి ఆ సైట్‌లో పద్ధతులు మారాయి, అక్కడ అమ్మడం మానేశారు. వదిన ఇప్పటికీ గుచ్చుతుంది. ఇప్పుడు ఫోనులోనే అమ్ముతుంది. కార్డులు వేయించేది మాత్రం వేరే చోట, బాబాయ్ ప్రెస్సు మూసేశాడు.

నేను వెళ్లే ముందటి రోజుల్లో ఒకసారి ఇద్దరం ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని కొత్తగా వచ్చిన మాటలు చదువుతున్నాం. ఒకావిడ మా పూసలదండ తన కూతురి బొమ్మకి వేసిందట, బొమ్మ కంటే దండే పెద్దదైందట. ఇంకొకరు ముత్యాలు లెక్కపెడితే రెండు వైపులా సమానంగా లేవని రాశారు. అది నిజమే, వదిన ఒప్పుకుంది. ఆఖరున ఒకటుంది. బాగుందన్న గుర్తు పెట్టి, కింద ఇంగ్లీషులో రెండక్షరాలు.

"ఏటి రాసేరు?"

"ఓకే అని."

"ఓకే అంటే?"

"సరే అని."

"సరే అంటే బాగుందనా, ఏదోలే అనా?"

"గుర్తయితే బాగుందన్నదే పెట్టేరు."

"గుర్తు సంగతి కాదు. ఆ మనిసి ఓకే అన్నప్పుడు మొకం ఎలాగెట్టిందో?" అని వదిన ముందుకి వంగింది. ఊరి పేరు ఏమిటని అడిగింది. చెప్పాను. అదెక్కడుందో ఇద్దరికీ తెలియదు. అడిగి చూడమంటావా అన్నాను. వద్దంది. కానీ బస్టాండు దాకా వెళ్లేలోగా రెండు మూడు రకాలుగా ఓకే అని అని చూపించి, ఇందులో ఏదయ్యుంటుందని నన్ను అడుగుతూనే ఉంది.